యాసుయె గరిటె

ఫుకుజు మారు ఓడలో భోజనానికి కూర్చున్నవాళ్ళెవరికీ చారు గిన్నె నిండుగా దొరికేది కాదు. యాసుయె ఎవరికైనా సగమే పోసేది. అడిగితే రెండోసారి పోసేది, మూడోసారీ పోసేది, కానీ ఒక్కసారికి సగమే. ఆమె మొగుడూ ఆ ఓడకు కెప్టెనూ అయిన క్యూజో ఇరవై రెండేళ్ళుగా దీనిమీద సణుగుతూనే ఉన్నాడు. కట్టుకున్న మొగుడికి ఇంట్లో నిండుగిన్నె, ఓడలో సగం గిన్నె, ఇదెక్కడి న్యాయం అనేవాడు. ఓడ ఊగితే తుడవాల్సింది నువ్వా నేనా అని ఆమె అడిగేది. అంతటితో ఆ పూటకు తగువు తీరేది.

లోపలి సముద్రపు దీవుల్లో మొగుడూ పెళ్ళాలు కలిసి సరుకు ఓడ నడపడం వింతేమీ కాదు. మొగుడు చుక్కాని దగ్గర, పెళ్ళాం పొయ్యి దగ్గర అనుకునేరు. యాసుయెకి రెండో ఇంజనీరు లైసెన్సు ఉంది. అన్నం వార్చి, ఆ చేతులే తుడుచుకుని ఇంజను గదిలోకి దిగేది. పెద్ద ఇంజనీరు తొమేజి, క్యూజోకి పినతండ్రి కొడుకు. కెప్టెను తర్వాతివాడు, మేటు హిరగా మాత్రం బయటివాడు, నలభై దాటినా పెళ్ళి కాలేదు, తిండి దగ్గర మొహమాటం లేదు. ఆ అరవై మీటర్ల ఓడంతటికీ ఈ నలుగురే.

వంటగదిలో ముందువైపు గోడకు ఒక గరిటె వేలాడేది. వంటకు వాడే గరిటె కాదు. దాని తల బరువైన ఇత్తడిది, కాడ చివర దారం. ఓడ పక్కలకు ఊగితే గరిటె గోడవెంట అటూ ఇటూ కదిలేది. దాని కింద యాసుయె కత్తితో గాట్లు పెట్టుకుంది, ఒక్కొక్క గాటు ఒక్కొక్క డిగ్రీ. అయిదో గాటు దగ్గర రెండు పక్కలా మేకులు కొట్టింది. మామూలు అలల్లో గరిటె కుడిమేకుకి తగిలి టక్కుమనేది, ఎడమమేకుకి తగిలి టక్కుమనేది. అంతకన్నా వాలితే మేకుమీంచి జారి ఆవలి గాట్లకు పోయేది. కుడి టక్కు నుంచి మళ్ళీ కుడి టక్కు దాకా ఆమె పెదాలు కదపకుండా లెక్కపెట్టేది. ముల్లంగి తరుగుతూ లెక్కపెట్టేది, చేప కడుగుతూ లెక్కపెట్టేది. ఓడ అడుగున కొలువున్న దేవత ఆపద వస్తే కిచకిచమని చప్పుడు చేస్తుందని పాతకాలపు ఓడవాళ్ళ నమ్మకం. తొమేజి ఆ గరిటెని చూసి, మా వదిన ఆ తల్లికి ఉద్యోగం లేకుండా చేసిందని నవ్వేవాడు.

ఈ పిచ్చి ఆమెకు పుట్టింట్లో అంటింది. తండ్రి కినోయె అనే రేవులో పడవలు కట్టేవాడు. పడవ పూర్తయ్యి నీళ్ళలోకి దిగాక దానికి ఒక పరీక్ష ఉండేది. గాలి లేని పొద్దుట, తాళ్ళన్నీ వదులు చేసి, పడవ పైన ఇనప దిమ్మలు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మార్చేవాళ్ళు. లోపల పైనుంచి కిందిదాకా గుండు కట్టిన దారం వేలాడేది. గుండు వణక్కుండా దాన్ని నూనె బకెట్లో ముంచి ఉంచేవాళ్ళు. దారం పక్కన పెట్టిన కొలబద్ద చదవడం పన్నెండేళ్ళ యాసుయె పని. అవే దిమ్మలు అంతే దూరం జరిపితే దారం కొంచెమే కదిలిందా, పడవ గట్టిది. ఎక్కువ కదిలిందా, పడవ బరువు ఎక్కడో పైన కూర్చుందన్నమాట.

తండ్రి ఆమెకు ఒక్కసారే చెప్పాడు. ఆయన రెండుసార్లు చెప్పే మనిషి కాదు.

"చూడమ్మా, పడవని ఇద్దరు పట్టుకునుంటారు. బరువు కిందికి లాగుతుంది, నీళ్ళు పైకి తోస్తాయి. పడవ ఎడమకి వాలిందనుకో, ఎడమ పొట్ట ఎక్కువ మునుగుతుంది. అందుకని నీళ్ళు తోసే చోటు కూడా ఎడమకి జరుగుతుంది. అది బరువుని దాటి బయటికి పోయిందా, పడవని ఎత్తి నిలబెడుతుంది. పొట్ట వెడల్పుంటే బాగా దాటుతుంది. కానీ బరువు మరీ పైకెక్కి కూచుందనుకో, పడవ వాలగానే నీళ్ళకంటే ముందు బరువే బయటికి పోతుంది. అప్పుడు ఆ తోసే నీళ్ళే పడవని ఇంకా పడేస్తాయి."

ఆయన కట్టిన చేపల పడవ ఒకటి పరీక్షలో నెగ్గి, చక్కగా సముద్రం మీదికి పోయింది. తర్వాత దాని యజమాని పైన వలలు చుట్టే యంత్రం పెట్టించాడు, దానిపైన ఇంకో గది కట్టించాడు. తండ్రి వెళ్ళి మొత్తుకున్నాడు. యజమాని నవ్వి, మునుపు పడవ ఎగిరెగిరి పడేది, ఇప్పుడు ఉయ్యాలలా హాయిగా ఊగుతోంది, నువ్వు కట్టినప్పటికంటే బాగుంది అన్నాడు. ఆ శరదృతువులో, రేవు కనపడేంత దూరంలో, మలుపు తిరుగుతూ అది ఒక పక్కకు పడుకుంది, మళ్ళీ లేవలేదు. అయిదుగురు పోయారు. తండ్రి తప్పు రవ్వంత లేదని అందరూ అన్నారు. ఆయన మళ్ళీ రంపం పట్టుకోలేదు.

అందుకే యాసుయెకి హాయి అంటే గిట్టదు. విసురుగా లేచే ఓడ, చారు ఒలకబోసే ఓడ, కడుపులో తిప్పే ఓడ ఆమె దృష్టిలో బుద్ధిమంతురాలు. నింపాదిగా వాలి, నింపాదిగా లేచే ఓడని ఆమె నమ్మదు.

ఆ జనవరిలో ఫుకుజు మారు ఉత్తరాన రుమోయి రేవులో ఫర్ చెట్ల దుంగలు ఎత్తుకుంది. రంపపు మిల్లు తరఫు మనిషి, మిగిలిన దుంగలు కూడా ఈ ఓడలోనే పోతే మిల్లు ఆగకుండా నడుస్తుందని క్యూజో భుజం తట్టాడు. భుజం తడితే క్యూజో కొండనైనా ఎత్తుకుంటాడు, అది ఆయన బలహీనత. అయితే ఇంతకు మించి మునగకూడదని ఓడ పక్కన గీసిన గీత అప్పటికే నీటిని ముట్టుకుంటోంది. క్యూజో ఒక ఉపాయం పన్నాడు. ఓడ అడుగున, నేలకూ పైనేలకూ మధ్య, ఎడమ ఒకటీ కుడి ఒకటీ రెండు తొట్లు సముద్రపు నీటితో నిండి ఉన్నాయి. ఒక్కొక్కదాంట్లో నలభై టన్నులు. వాటిని ఖాళీ చేయించాడు. ఓడ పైకి తేలింది. తేలినంతమేరా పైన ఇంకో వరస దుంగలు పేర్పించాడు. గీత మళ్ళీ నీటిని ముట్టుకుని నిలబడింది.

గీతది ఏం తప్పు? ఓడ ఎంత మోస్తోందో చెప్పడం దాని పని. ఆ మోసేది అరికాళ్ళ దగ్గరుందో నెత్తిమీదుందో గీత చెప్పదు.

యాసుయె ఆ సాయంత్రమే అడిగింది. క్యూజో కాగితం తీసి లెక్క చూపించాడు. కాగితం ప్రకారం ఓడ నిలబడుతుంది, బొటాబొటిగానైనా సరే నిలబడుతుంది. కాగితంలో తప్పులేదు కూడా. కానీ ఆ కాగితం బయలుదేరే నాటి ఓడది. దానిలో దుంగలు పొడిగా ఉన్నాయి, అడుగున ఇంధనపు నూనె నిండుగా ఉంది, మంచు ఊసే లేదు.

బయలుదేరిన రోజు గరిటె పన్నెండు సెకన్లకొకసారి కుడిమేకుని తాకింది. దుంగల బరువుతో వెళ్ళినప్పుడు మామూలుగా తొమ్మిది. రెండోరోజుకి పదిహేనయింది. ఓడలో మగవాళ్ళు ముగ్గురూ మహా సంబరంగా ఉన్నారు. హిరగా టీ కప్పు బల్లమీద పెట్టి చెయ్యి తీసి, చూడక్కా జరగట్లేదు, హోటల్లో కూచున్నట్టుంది అన్నాడు. జనవరి నెల, వాయవ్యపు గాలి, ఈ సముద్రంలో హోటలేమిటని ఆమె విసుక్కుంది. ఆ రాత్రి మంచు పడింది. ముసురు పట్టినట్టు ఎడతెగకుండా పడింది.

మూడోరోజు పొద్దున, చుక్కాని హిరగాకి అప్పగించి భోజనానికి వచ్చిన క్యూజో ఆమె చేతిలోంచి చారు గరిటె లాక్కున్నాడు. తన గిన్నెలో తానే అంచుదాకా చారు పోసుకున్నాడు. రెండు చేతులతో ఎత్తి ఆమెకూ తొమేజీకీ చూపించాడు. ఓడ ఎడమకు వాలింది, తీరుబడిగా కుడికి వచ్చింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

"ఇరవై రెండేళ్ళ బాకీ తీరిందే," అన్నాడు క్యూజో.

తొమేజి పగలబడి నవ్వాడు. యాసుయె ఆ నిండుగిన్నెని చూస్తూ ఉండిపోయింది. చారుమీద తేలే సముద్రపు నాచు ముక్క మెల్లగా ఒక అంచునుంచి ఇంకో అంచుకు పోయి, అక్కడే కాసేపు ఆలోచిస్తున్నట్టు ఆగింది. తన గిన్నె పక్కన పెట్టి లేచింది.

కోటు తగిలించుకుని పైకి వెళ్ళింది. దుంగలమీద మంచు మోకాలెత్తు ఉంది. బెరడులో గోరు దించితే నీళ్ళు ఊరాయి. అలల తుంపర గొలుసులమీద గడ్డకట్టి, ఒక్కో గొలుసు చేతిమణికట్టంత లావయింది. కిందికి దిగి ఇంజను గదిలో ఇంధనపు తొట్ల కొలత చూసింది. మూడురోజుల నూనె కాలిపోయింది, ఆ కాలినదంతా అడుగు బరువు. పైగా తొట్లు సగంసగం అయ్యేసరికి వాటిలోని నూనె ఓడ వాలినవైపుకల్లా పరుగెత్తుతోంది. పైన బరువు పెరిగింది, కింద బరువు తరిగింది. ఇక కాగితంలో ఉన్న ఓడ వేరు, కాళ్ళకింద ఉన్న ఓడ వేరు. మెట్లు ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. ఒకచోట నిలబడలేకపోయింది.

చుక్కాని గదికి పోయి క్యూజోతో చెప్పింది. అడుగుతొట్లలోకి నీళ్ళు తీసుకో, దగ్గరున్న రేవులోకి పోదాం అంది. ఇప్పుడు నీళ్ళు తీసుకుంటే గీత మునుగుతుంది, రేవు అధికారి చూస్తే పరువు పోతుంది అన్నాడు క్యూజో. ముందు సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేలకొమ్ము దాటాక చూద్దాం అన్నాడు. ఆయన గొంతులో నవ్వు మాత్రం తగ్గింది. మనిషికి తెలుసు. తెలిసినవాడు తెలియనట్టు నటిస్తే వాడితో వాదించడం మరీ కష్టం.

పది గంటలప్పుడు గాలి పడిపోయింది. పాత అలలు మాత్రం వరసగా వస్తున్నాయి. యాసుయె వంటగదిలో బియ్యం కడుగుతోంది. ఓడ ఎడమకు వాలింది. ఆమె లెక్క మొదలుపెట్టింది. పదిహేను అయింది, ఇరవై అయింది, ముప్ఫై అయింది. ఓడ తిరిగి రాలేదు. గరిటె ఎడమ మేకు దాటి ఏడోగాటు దగ్గర ఆగిపోయి, చిన్నగా వణుకుతోంది.

చుక్కాని గదినుంచి కిందికి మాటలు వచ్చే గొట్టం ఒకటి వంటగది మీదుగా ఇంజను గదికి పోతుంది. దానిలోంచి క్యూజో కేక వినపడింది. దుంగలు ఎడమకు జరిగినట్టున్నాయి, కుడి అడుగుతొట్టిలోకి నీళ్ళు వదలమని తొమేజీకి చెబుతున్నాడు. ఎవరికైనా అదే తోస్తుంది. కావడి ఒకవైపు దిగితే రెండోవైపు బరువు వేస్తాం.

వెంటనే ఇంకో గొంతు వినపడింది. పైన ఉన్న హిరగాది. గొలుసుల కొక్కేలు కొట్టేస్తాను, దుంగలు సముద్రంలోకి పోతాయి, తేలికవుతాం అంటున్నాడు. క్యూజో వద్దని గద్దించాడు. కొక్కేలు విప్పితే వాలినవైపు దుంగలే ముందు జారతాయి, ఓడ గిరుక్కున రెండోవైపు పడుతుంది, ఆ పైన మనం ఉండం అన్నాడు.

యాసుయె బియ్యపు గిన్నె వదిలేసి కదలబోయింది. అప్పుడే ఒక పెద్ద అల ఓడ కిందికి వచ్చింది. ఆమె గరిటెని చూసింది. గరిటె ఏడోగాటు వదిలింది, మెల్లగా మధ్యకు వచ్చింది. అక్కడ ఆగింది. ఎటు పోవాలో తెలియని ముసలిదానిలా ఆగింది. తర్వాత కుడికి పడింది. అరలోని గిన్నెలన్నీ ఒక్కసారి జారి ఫెళ్ళుమన్నాయి, పైన గొలుసులు మూలిగాయి. గరిటె కుడివైపు ఏడోగాటు దగ్గర నిలబడింది. అటు ఏడు, ఇటు ఏడు.

దుంగలు జరిగి ఉంటే ఓడ కుడికి వచ్చి ఇలా నిలబడదు. బరువు ఒక పక్కన లేదు, నెత్తిమీద ఉంది. నిటారుగా నిలబడే శక్తి ఓడకు పోయింది. ఏడు డిగ్రీలు వాలేసరికి వెడల్పాటి పొట్ట నీళ్ళలోకి దిగి, అక్కడ నీళ్ళు ఎలాగో కాపు కాస్తున్నాయి. ఆ పొట్ట చలవవల్లే ఇంకా బతికి ఉన్నారు. మరో అల వచ్చి ఓడని మళ్ళీ ఎడమ ఏడుకి పడేసింది.

ఆమె గొట్టానికి నోరు ఆనించి, ముందు తొమేజీని వాల్వు ముట్టుకోవద్దంది. ఆ తర్వాత మొగుడితో మాట్లాడింది.

"కెప్టెన్ గారూ. గరిటె చూశాను. ఎడమ ఏడు, కుడి ఏడు. దుంగలు జరగలేదు. ఎడమ తొట్టి నింపించండి."

ఇరవై రెండేళ్ళలో ఆమె ఆయన్ని గారూ అన్నది లేదు.

"ఎడమకి పడిపోయిన ఓడలో ఎడమకే నీళ్ళా? మతుండే మాట్లాడుతున్నావా?"

"కుడిది నింపితే లేస్తుంది, లేచి నిలబడదు. ఇందాక చూశావుగా ఎలా పడిందో. ఈసారి ఆ నీళ్ళ బరువు కూడా వేసుకుని కుడికి పడుతుంది. ఏడు దగ్గర ఆగదు."

"ఎడమకి ఇంకా వాలదా మరి?"

"వాలుతుంది. పదికి పోతుంది, పన్నెండుకి పోతుంది. కానీ మెల్లగా పోతుంది, ఊపు ఉండదు. తొట్టి నిండాక కాళ్ళకి బరువొస్తుంది, అప్పుడు కుడిది నింపుకోవచ్చు." ఆమె గరిటెవైపు మరోసారి చూసింది. "హిరగాని కొక్కేలు కొట్టొద్దని ఎందుకన్నావు నువ్వు? గిరుక్కున అటు పడుతుందని కాదూ? దుంగలకి ఒక న్యాయం, నీళ్ళకి ఇంకో న్యాయమా?"

గొట్టంలోంచి ఆయన ఊపిరి వినపడుతోంది. ఆ ఊపిరిలో భయం ఉంది. ఆమెకూ ఉంది. తండ్రి కట్టిన పడవలో అయిదుగురి మొహాలు ఆమెకు తెలుసు, ఇప్పుడవి ఒకటొకటిగా గుర్తొస్తున్నాయి. తను చెప్పింది తప్పయితే మొగుణ్ణీ, మరిదినీ, హిరగానీ తన చేత్తోనే ముంచినట్టు.

"తొమేజీ," అన్నాడు క్యూజో చివరికి. "ఎడమది తెరువు. ఎడమదొక్కటే."

ఆ తర్వాత ఆయన చేయాల్సినది ఆయన చేశాడు. వేగం తగ్గించి, కొంచెంకొంచెంగా ఓడ ముక్కుని అలలకు ఎదురుగా తిప్పాడు, పక్కనుంచి దెబ్బ తగలకుండా. ఆ పనిలో క్యూజో చేతికి తిరుగులేదు. ఎవరికుండే విద్య వాళ్ళది.

తొట్టి నిండడానికి నలభై నిమిషాలు. యాసుయె గరిటె ముందు నిలబడి, గాటు మారినప్పుడల్లా గొట్టంలో చెప్పింది. ఎనిమిది. ఎనిమిదిన్నర. తొమ్మిది. పొయ్యిమీది కుండని తీసి సింకులో పెట్టింది, మళ్ళీ తీసి నేలమీద పెట్టింది. పది. తొట్టి సగం నిండినప్పుడు అందులోని నీళ్ళే అటూ ఇటూ కొట్టుకుని పరిస్థితిని ఇంకా చెడగొడతాయి, ఆమెకు ఆ సంగతి తెలుసు. పదకొండు అన్నాక కిందనుంచి తొమేజి గొంతు వచ్చింది. వదినా, ఆపేద్దామా అన్నాడు. అతను ఎప్పుడూ అలా గొంతు తగ్గించి మాట్లాడలేదు. ఆపితే సగం తొట్టిలో నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటాయి, నిండనీ అంది ఆమె. క్యూజో ఆపమనలేదు. అదే ఆమెకు ధైర్యమిచ్చింది.

పన్నెండు. పన్నెండున్నర. గోడకీ నేలకీ మధ్య మూలలో పాదం ఆనించి నిలబడింది. కిటికీలోంచి చూస్తే ఆకాశం బదులు నల్లటి నీళ్ళు కనిపించాయి.

తర్వాత గరిటె ఆగింది. ఎడమ తొట్టిలోంచి పైకి వచ్చే గాలిగొట్టంలో నీళ్ళు పొంగుతున్నాయని హిరగా అరిచాడు. తొట్టి నిండిపోయింది. ఇక దానిలో నీరు ఆడదు, ముద్దలా కూర్చుంటుంది. క్యూజో కుడి తొట్టి తెరవమన్నాడు.

ఈ రెండో తొట్టి మొదటిదానికంటే భయంకరం. గరిటె వెనక్కి రావడం మొదలైంది. పదకొండు, తొమ్మిది, ఆరు. తను చెప్పింది పొరపాటైతే ఇప్పుడే, మధ్యకు రాగానే, అటు విసిరికొడుతుంది. నాలుగు. మూడు. ఆమె రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. గరిటె మధ్యకు వచ్చింది, కొంచెం కుడికి పోయింది, ఆగింది, మళ్ళీ మధ్యకు వచ్చింది. తనంతట తానే వచ్చింది. ఎవరూ తొయ్యలేదు.

ఆమె లెక్కపెట్టింది. పదిహేడు. పదిహేడంటే గర్వపడే లెక్క కాదు, కానీ లెక్క. ఇందాకటిదానికి లెక్కే లేదు.

గొట్టంలో పదిహేడని చెప్పి, బియ్యపు బస్తాల గదిలోకి పోయి తలుపు వేసుకుంది. బస్తామీద మొహం పెట్టి ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది, ఇంజను మోతలో ఎవరికి వినపడుతుంది కనక. తర్వాత మొహం కడుక్కుని అన్నం వండింది.

మధ్యాహ్నం దాటాక ఫుకుజు మారు ఒళ్ళు దగ్గర పెట్టుకుని త్సురుగా రేవులోకి నడిచింది. గీత జానెడు లోతున మునిగి ఉంది. రేవు అధికారి గట్టుమీదినుంచే చూసి క్యూజోని అందరిముందూ చెడామడా తిట్టాడు. క్యూజో టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎదురు మాట్లాడకుండా విన్నాడు. మంచు ఊడ్పించాడు, పై వరస దుంగలు దింపించాడు. నూనె నింపించుకున్నాడు. మిల్లు మనిషికి టెలిఫోను చేసి, మిగతావి ఇంకో ఓడలో తెప్పించుకొమ్మన్నాడు. అవతలివాడు ఏమన్నాడో తెలియదు. అలాగేనండీ, అలాగేనండీ అంటూనే ఫోను పెట్టేశాడు. పెళ్ళానికి మాత్రం ఒక్క మాట కూడా చెప్పలేదు. చెబుతాడని ఆమె ఎదురుచూడలేదు. కాస్త ఎదురుచూసిందేమో కూడా.

మర్నాడు పొద్దున రేవు గోడ దాటగానే సముద్రం ఓడని పట్టుకుని కుదిపింది. ఓడ విసురుగా వాలి, విసురుగా లేచింది. గరిటె టక్కు టక్కుమంటోంది. హిరగా టీ కప్పు బల్ల చివరికి పరుగెత్తి నేలమీద పడి పగిలింది. అతను కడుపు పట్టుకుని, ఇదేం ఓడక్కా, గాడిదలా తన్నుతోంది అన్నాడు. తన్ననీ అంది యాసుయె.

క్యూజో చుక్కాని హిరగాకి అప్పగించి భోజనానికి దిగాడు. గిన్నె తీసుకుని ఆమె ముందు పెట్టాడు.

"సగమే పొయ్యి," అన్నాడు.

ఆమె సగమే పోసింది. ఆయన కూర్చోగానే ఓడ ఎగిరిపడింది, ఆ సగంలో సగం ఆయన మోకాళ్ళమీద పడింది. వేడి చారు. క్యూజో లేవలేదు, తుడుచుకోలేదు. తలెత్తి గోడమీది గరిటెని చూస్తూ, పెదాలు కదుపుతూ కూర్చున్నాడు.

"తొమ్మిది," అన్నాడు కాసేపటికి.

"ఎనిమిదిన్నర," అంది యాసుయె, గుడ్డ ఆయన ఒళ్ళోకి విసిరి. "సరిగ్గా లెక్కపెట్టు."

ఆయన మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.